గుడిలో తాళి, ఆఫీసులో నోటీసు

అందరికీ నమస్కారం. మన విశాఖ ఫ్యామిలీ కోర్టులో మొదలై సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక కేసు చెబుతాను. పేర్లు మనకెందుకు? 1996లో ఒక రోమన్ కాథలిక్ అబ్బాయి, ఒక హిందూ అమ్మాయి గుడిలో పెళ్లి చేసుకున్నారు. కొద్దిరోజుల్లోనే హిందూ వివాహ చట్టం కింద రిజిస్ట్రేషను కూడా అయింది. ఆ తరవాత అమ్మాయి కోర్టుకెళ్లింది. అబ్బాయి హిందువునని చెప్పి మోసం చేశాడు, ఈ పెళ్లి చెల్లదనండి, అని. ఇక్కడి కోర్టు కాదంది, హైకోర్టు అవునంది. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు హైకోర్టు మాటే ఖాయం చేసింది. ఆ చట్టం కింద పెళ్లి నిలవాలంటే ఇద్దరూ హిందువులై ఉండాలి. లేని పెళ్లిని రిజిస్ట్రేషను కాగితం పుట్టించలేదు.

ఇద్దరూ ఎవరి మతంలో వాళ్లుంటూ పెళ్లి చేసుకునే దారి వేరే ఉంది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. మా దగ్గరికి వచ్చేవాళ్లు ముందడిగేది ఒకటే: "సార్, రేపే అయిపోతుందా?" అవదు.

ఒక ఊహా జంటను తీసుకుందాం. అమ్మాయి హిందువు, గాజువాకలో అద్దెకుంటూ ఉద్యోగం చేస్తోంది. అబ్బాయి ముస్లిం, విజయనగరంలో ఉంటాడు. ముందుగా, పెళ్లి చేసుకోబోతున్నామని మ్యారేజ్ ఆఫీసరుకి నోటీసివ్వాలి. ఇద్దరిలో ఒకరు, నోటీసిచ్చే రోజుకి వెనక కనీసం 30 రోజులుగా ఆ ఆఫీసరు పరిధిలో ఉండి తీరాలి. మన రాష్ట్రంలో ఆ అధికారి సబ్ రిజిస్ట్రారే. చట్టంలో 'జిల్లా' అని ఉంటుంది గానీ, దానర్థం కలెక్టరు జిల్లా కాదు, ఆ అధికారికి అప్పగించిన ప్రాంతం. మనవాళ్లు ఇక్కడే తప్పటడుగు వేస్తారు. ఆధార్‌లో ఇంకా సొంతూరి చిరునామానే ఉంటుంది కాబట్టి అద్దె కాగితం లాంటి రుజువు ముందే చూసుకోవాలి.

జూన్ 3న గాజువాకలో నోటీసిచ్చారనుకోండి. అధికారి దాన్ని నోటీసు పుస్తకంలోకి ఎక్కించి, ఒక ప్రతి ఆఫీసులో అందరికీ కనిపించేచోట అంటిస్తాడు. అబ్బాయి స్థిరనివాసం వేరేచోట కాబట్టి అక్కడి అధికారికీ ఒక ప్రతి వెళుతుంది, అక్కడి బోర్డు మీదా పడుతుంది. ఇంట్లో చెప్పని జంటలకు అసలు భయం ఇదే. 2021లో అలహాబాద్ హైకోర్టు, జంట కోరితేనే నోటీసు ప్రచురించాలంది. కానీ అది ఉత్తరప్రదేశ్ మాట. ఇక్కడి ఆఫీసులో ఆ తీర్పు చూపించి పని అయిపోతుందనుకోకండి.

ఎవరికైనా అభ్యంతరం ఉందేమోనని ఆగాల్సిన ముప్పై రోజుల లెక్క మీరు నోటీసిచ్చిన తేదీ నుంచి కాదు, ప్రచురించిన తేదీ నుంచి. కాగితం నాలుగు రోజులు బల్ల మీదే ఉండిపోతే మీ పెళ్లి నాలుగు రోజులు వెనక్కి పోయినట్టే. అంటించింది ఏ రోజో అడిగి రాసుకోండి. నోటీసుకు ఆయుష్షు మాత్రం ఇచ్చిన తేదీ నుంచే మూడు నెలలు. ఆలోపు పెళ్లి జరగకపోతే మళ్లీ మొదటినుంచీ.

ఇక అభ్యంతరం. జూన్ 25న అమ్మాయి మేనమామ వచ్చి, "మా మతం కాదు, మా బావ ఒప్పుకోలేదు" అన్నాడు. ఆయన కోపం ఆయనది. కానీ చట్టం వినే కారణాలు కొన్నే: ఇద్దరిలో ఎవరికైనా బతికున్న భార్య గానీ భర్త గానీ ఉండటం, అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండకపోవడం, సమ్మతి ఇవ్వలేని మానసిక స్థితి, నిషిద్ధ బంధుత్వం. ఫోనులో బెదిరిస్తే అది అభ్యంతరం కాదు. అభ్యంతరమంటే పుస్తకంలోకి ఎక్కాలి, చెప్పినాయన సంతకం పెట్టాలి. అధికారి 30 రోజుల్లో విచారించి తేల్చాలి. అభ్యంతరం నిజమని పెళ్లి ఆపితే 30 రోజుల్లో జిల్లా కోర్టుకి అప్పీలు చేసుకోవచ్చు. దురుద్దేశంతో, అర్థం లేకుండా అడ్డుపడినవాడి మీద ఖర్చుల కింద వెయ్యి రూపాయల దాకా వేయొచ్చు. 1954 నాటి వెయ్యి లెండి, ఇప్పుడెవరు భయపడతారు!

అడ్డంకి తీరాక ఇద్దరూ, ముగ్గురు సాక్షులూ డిక్లరేషను మీద సంతకాలు పెడతారు. "నిన్ను నా చట్టబద్ధమైన భార్యగా స్వీకరిస్తున్నాను" అని అతను, "భర్తగా" అని ఆమె, తమకర్థమయ్యే భాషలో పలకాలి. తెలుగులో చక్కగా పలకొచ్చు. చేతికొచ్చే సర్టిఫికెట్, పెళ్లి జరిగిందనడానికి తిరుగులేని సాక్ష్యం.

ఆ కాగితంతో ఆస్తి లెక్క కూడా మారుతుంది. వేరే మతం వ్యక్తిని ఇలా చేసుకున్న హిందువు ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్టే. వాటా పోదు, విడిగా తనదవుతుంది. వాళ్ల వారసత్వానికి 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. వీలునామా లేకుండా భర్త పోతే, పిల్లలుంటే భార్యకు మూడో వంతు, మిగతాది పిల్లలకు.

మరి ఇప్పటికే గుడిలోనో చర్చిలోనో పెళ్లి చేసుకుని కాపురం చేస్తున్నవాళ్లు? వాళ్లు అదే చట్టం 15వ సెక్షన్ కింద రిజిస్టరు చేయించుకోవచ్చు. దానికీ ముప్పై రోజుల ప్రకటన తప్పదు. పుస్తకంలోకి ఎక్కిన రోజు నుంచి అది ఈ చట్టం కింద జరిగిన పెళ్లి. పెళ్లి తంతు అయ్యాక, రిజిస్ట్రేషనుకు ముందే పుట్టిన పిల్లలు కూడా సక్రమ సంతానమే. ఒక్క తేడా ఉంది: ఈ దారిలో వెళితే అమ్మాయికి కూడా 21 నిండాలి.