ఉద్యోగా, కాంట్రాక్టరా, ఏజెన్సీయా? మా అకౌంట్స్ పనికి మూడూ వాడి చూశాను

నమస్కారం అండీ. ఈసారి రివ్యూ ఫోన్‌దీ కాదు, యాప్‌దీ కాదు. నెలనెలా తప్పని అకౌంట్స్ పనిని ఎవరి చేతిలో పెట్టాలన్నది. మా చిన్న కంపెనీలో మూడు దారులూ తొక్కాం.

ముందు ఫుల్‌టైమ్ మనిషిని తీసుకున్నాం. "పని చాలా ఉంది" అనిపించింది, అంతే. తర్వాత తీరిగ్గా కూర్చుని లెక్కేశాను. నెలకి 400 బిల్లులు, ఒక్కోటి ఎక్కించడానికి 6 నిమిషాలు, అంటే 40 గంటలు. నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసి లెక్కలు మూయడానికి ఇంకో 20. మొత్తం 60. మేం జీతం ఇస్తున్నది 160 గంటలకి! పాపం ఆ అమ్మాయి సగం నెల ఖాళీగా కూర్చునేది, విసుగొచ్చి వెళ్లిపోయింది.

కాంట్రాక్టర్ గంటకి రెట్టింపు అడిగాడు. ఉలిక్కిపడ్డాను. కానీ చూడండి, ఉద్యోగి గంట జీతం 1 అనుకుంటే నెలకి 160. ఇన్సూరెన్స్, బోనస్, కంప్యూటర్, సీటు అన్నీ కలిపితే మాకు 208 అయ్యేది. కాంట్రాక్టర్‌కి 60 గంటలకి 120. 208ని ఆయన రేటు 2తో భాగిస్తే 104, అంటే పని 104 గంటలు దాటితేనే ఉద్యోగి చౌక. మీ అంకెలు వేరే ఉంటాయి, భాగహారం మాత్రం ఇదే.

మరి తిప్పలు లేవా? ఉన్నాయి. నెలాఖరు ఆయన క్లయింట్లందరికీ ఒకేసారి వస్తుంది. ఒక నెల మా లెక్కలు 9 రోజులు ఆలస్యమయ్యాయి. ఇంకోటి, ఆయన్ని రోజూ ఫలానా టైముకి రమ్మని, మన సిస్టమ్ మీదే, మనం చెప్పినట్టే చేయించుకుంటే చాలా దేశాల చట్టం ఆయన్ని ఉద్యోగిగానే చూడొచ్చు. కాగితం మీద కాంట్రాక్టర్ అని రాసుకున్నంత మాత్రాన సరిపోదు.

ఆ ఆలస్యానికి చిరాకుపడి ఏజెన్సీకి మారాను. అదే లెక్కలో నెలకి 110, ఫిక్స్‌డ్. చౌకే అనుకున్నాను. మూడో నెల సస్పెన్స్ అకౌంట్ తెరిచి చూశాను, అంటే ఏ పద్దులో రాయాలో తెలియనివి తాత్కాలికంగా పడేసే చోటు. ఎప్పుడూ నాలుగైదు లైన్లుండేవి, ఆరోజు 57! వాళ్ల దగ్గర మా పని చూసే మనిషి రెండుసార్లు మారాడట. మా సరఫరాదారులు ఎవరో కొత్తవాళ్లకి తెలియదు, అనుమానం వచ్చినదల్లా అందులోకి తోశారు. అవి తేల్చడానికి, వాళ్ల ప్రశ్నలకి నెలకి నావి 15 గంటలు. నా గంట విలువ 4 వేసుకున్నా ఇంకో 60. అప్పుడు 170 అయింది కదా, ఇంకెక్కడి చౌక?

బిల్లులన్నీ ఒకే మూసలో ఉంటే ఏజెన్సీయే హాయి. మావి అలా ఉండవు. అందుకే మళ్లీ ఆ కాంట్రాక్టర్ దగ్గరికే వెళ్లాను, కాస్త సిగ్గుపడుతూనే. ఈసారి బిల్లులు వారంవారం ఎక్కించాలని, లెక్కలు మూసే తేదీ ఇదీ అని ఒప్పందంలో రాసుకున్నాం. ఏ సరఫరాదారు బిల్లు ఏ పద్దులోకో రెండు పేజీల జాబితా చేశాం, అది మా దగ్గరే ఉంటుంది. రేపు మనిషి మారినా ఇబ్బంది లేదు.

ఇప్పుడు పని 85 గంటలకి పెరిగింది. వరుసగా మూడు నెలలు 104 దాటితే మళ్లీ ఉద్యోగి కోసం చూస్తాను. ఈ నెల సస్పెన్స్‌లో మూడే లైన్లు. అందులో రెండు నావే, రసీదులు ఇంకా పంపలేదు.