బుకీ దగ్గర త్రాసు లేదు: ఓపెనింగ్ లైన్ అసలు కథ

[తెర మీద: ఎర్ర జట్టు 1.59 | నీలం జట్టు 2.38]

"బుకీకి ఎవరు గెలిచినా ఒకటే. రెండు వైపులా డబ్బు సమానంగా పడేట్టు ఆడ్స్ జరుపుతాడు, మధ్యలో తన కమీషన్ తీసుకుంటాడు." బెట్టింగ్ గురించి ఎక్కడ మాట వచ్చినా ఇదే వినిపిస్తుంది, విన్న ప్రతిసారీ నాకు చిరాకేస్తుంది. ఇందులో నిజం సగమే. పందెం కాసేవాడి ఎడ్జ్, అంటే సగటున అతనికి మిగిలే లాభం, ఎక్కడుందో, ఎక్కడ లేదో తెలిసేది మిగతా సగంలో. ఆడ్స్ చదవడం మీకు వచ్చు కాబట్టి నేరుగా లెక్కలోకి వెళ్దాం.

డ్రా లేని మ్యాచ్ ఒకటి తీసుకుందాం, ఎర్ర జట్టుకీ నీలం జట్టుకీ. రేటింగులు, గాయాలు, మైదానం అన్నీ చూసి బుకీ మోడల్ ఎర్రకి 60 శాతం, నీలానికి 40 శాతం అంది. 1ని 0.60తో భాగిస్తే 1.67, 0.40తో భాగిస్తే 2.50. ఇవి మార్జిన్ లేని ధరలు. బుకీ ఆ శాతాల్ని 5 శాతం ఉబ్బిస్తాడు: 60 కాస్తా 63 అవుతుంది, 40 కాస్తా 42 అవుతుంది. ఇప్పుడు ధరలు 1.59, 2.38. అదే మీరు తెర మీద చూస్తున్న ఓపెనింగ్ లైన్.

ఈ 60 శాతం కరెక్టేనని బుకీకి కూడా గట్టి నమ్మకం ఉండదు. అందుకే మొదట్లో లిమిట్ చాలా చిన్నది పెడతాడు. తెలియని ఏట్లో దిగే ముందు కర్ర గుచ్చి లోతు చూస్తాం కదా, ఓపెనింగ్ లైన్ ఆ కర్ర. ఒక మనిషికి 500 యూనిట్ల లిమిట్ అనుకోండి. ఎప్పటినుంచో మంచి ధరలు పట్టుకుంటున్న ఖాతా ఒకటి వచ్చి ఆ 500 మొత్తం ఎర్ర మీద పెట్టింది. బుకీ పోగొట్టుకునేది మహా అయితే 295. దానికి బదులు తన అంచనా తప్పేమోనన్న సమాచారం దొరికింది. వెంటనే 1.59ని 1.57 చేస్తాడు. ఇలా గుచ్చి గుచ్చి లోతు తెలిశాక, మ్యాచ్ దగ్గరపడేకొద్దీ లిమిట్ పెంచుతూ ఏట్లోకి దిగుతాడు. చాలామంది బుకీలు అసలు కర్ర కూడా పట్టరు, ముందు దిగినవాళ్ల ధరలు చూసి తమవి పెట్టుకుంటారు.

ఇక లయబిలిటీ, అంటే ఒక ఫలితం వస్తే బుకీ మీద పడే చెల్లింపు భారం. ఇక్కడ కాసేపు ఆగుదాం.

[తెర మీద: ఎర్ర మీద 10,000 | నీలం మీద 4,000]

లైన్ కదలలేదనుకుని లెక్క వేద్దాం. బుకీ చేతికి వచ్చింది మొత్తం 14,000. ఎర్ర గెలిస్తే 15,900 చెల్లించాలి, అంటే 1,900 నష్టం. నీలం గెలిస్తే 9,520 చెల్లించాలి, అంటే 4,480 లాభం. రెండు వైపులా సమానం చేస్తాడన్న త్రాసు సిద్ధాంతం ప్రకారం బుకీ ఇప్పుడు కంగారు పడాలి. కానీ సగటు చూడండి. 60 శాతం సార్లు 1,900 పోతుంది, 40 శాతం సార్లు 4,480 వస్తుంది. కలిపితే ఇలాంటి మ్యాచ్‌కి సగటున 652 లాభం, అంటే తీసుకున్న డబ్బులో దాదాపు 4.7 శాతం. అది అతని మార్జినే! బుకీ పుస్తకం, అంటే తీసుకున్న పందాల మొత్తం, ఒక పక్కకి ఒరిగినా, ధర సరైనదైతే మార్జిన్ ఎక్కడికీ పోదు. పెరిగేది ఆటుపోట్లు మాత్రమే.

మరి సమానం చేయాలంటే? ముందు ఒక మాట: సమానం కావాల్సింది పందెం డబ్బు కాదు, చెల్లింపులు. ఎర్ర వైపు చెల్లింపు 15,900 కాబట్టి, నీలం మీద 2.38 ధరకి 6,681 పడాలి. అప్పుడు ఎవరు గెలిచినా బుకీకి సుమారు 780 మిగులుతుంది. ఇంకా 2,681 తక్కువ ఉంది. అది లాగాలంటే నీలం ధర పెంచాలి. 2.50 వరకు పెంచితే మార్జిన్ లేకుండా ఇచ్చినట్టు. 2.60 చేస్తే, 0.40 గుణించు 2.60 అంటే 1.04. నీలం మీద కాసేవాడికి బుకీ తన చేత్తో 4 శాతం ఎడ్జ్ ఇచ్చినట్టే. ఆ ధర కోసం కాచుకుని కూర్చునేవాళ్లు ఉంటారు, లిమిట్ నిండా కాస్తారు. పుస్తకం సమానమవుతుంది, జేబు ఖాళీ అవుతుంది.

అందుకే బుకీ డబ్బు ఎంత వచ్చిందో చూడడం కంటే ఎవరి నుంచి వచ్చిందో చూస్తాడు. అభిమానంతో కాసే ఖాతా నుంచి 5,000 వచ్చినా లైన్ కదలకపోవచ్చు, పైన చెప్పిన ఖాతా నుంచి 500 వస్తే కదులుతుంది. ఆర్థికవేత్త స్టీవెన్ లెవిట్ 2004లో ప్రచురించిన పరిశోధనలో కూడా ఇదే తేలింది: బుకీలు రెండు వైపులా డబ్బు సమానం చేయడం లేదు, జనం మొగ్గు ఎటో తెలుసుకుని దానికి తగ్గట్టు ధర పెడుతున్నారు. ఒక్క ఫలితం మీద నష్టం తమ తాహతు దాటినప్పుడే నిజంగా ధర జరపడమో, లిమిట్ తగ్గించడమో, వేరే బుకీ దగ్గర తామే పందెం కాయడమో చేస్తారు. నా లెక్కలో ఇది ఇన్సూరెన్స్ ఖర్చులాంటిది.

డబ్బు వెంట లైన్ జరిపితే ఏమవుతుందో చెప్పడానికి 1979 సూపర్ బౌల్ మంచి ఉదాహరణ, అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అది, పిట్స్‌బర్గ్‌కీ డాలస్‌కీ. ఇక్కడ లైన్ అంటే ధర కాదు, పాయింట్ల తేడా: పిట్స్‌బర్గ్ మీద కాసినవాళ్లు గెలవాలంటే ఆ జట్టు మూడున్నర పాయింట్ల కంటే ఎక్కువ తేడాతో గెలవాలన్న లైన్‌తో తెరిచారు. పిట్స్‌బర్గ్ మీద డబ్బు కురిసింది, లైన్ నాలుగున్నరకి వెళ్లింది. అప్పుడు డాలస్ మీద కురిసింది. పిట్స్‌బర్గ్ 35-31తో గెలిచింది, తేడా సరిగ్గా 4. మూడున్నర దగ్గర పిట్స్‌బర్గ్ మీద కాసినవాళ్లూ గెలిచారు, నాలుగున్నర దగ్గర డాలస్ మీద కాసినవాళ్లూ గెలిచారు. లాస్ వేగాస్ బుకీలు రెండు వైపులా చెల్లించుకున్నారు.

ఇప్పుడు మీ వైపు నుంచి చూద్దాం, టైమ్ తక్కువుంది కాబట్టి కొంచెం వేగంగా.

మీరు ఎర్రని 1.59కి కాశారు. మ్యాచ్ మొదలయ్యే సరికి ధరలు 1.55, 2.47. "చూశావా, ధర పడింది, నాకు ఎడ్జ్ ఉంది" అనుకుంటారు. ఆగండి. ఆ క్లోజింగ్ ధరలోనూ మార్జిన్ ఉంది, తీసేయాలి. 1ని 1.55తో భాగిస్తే 64.5 శాతం, 2.47తో భాగిస్తే 40.5 శాతం, మొత్తం 105. 64.5ని 1.05తో భాగిస్తే ఎర్రకి అసలు అవకాశం 61.4 శాతం. దాన్ని మీ 1.59తో గుణించండి: 0.977. మంచి ధరే పట్టారు, అయినా ప్రతి వందకీ 2 రూపాయల 30 పైసలు పోతున్నాయి. ధర 1.50కి పడి, నీలం 2.60కి వెళితేనే లెక్క 1.008 అవుతుంది. అంటే ఎంతో కొంత నిజమైన ఎడ్జ్, అదీ ఒక శాతం కూడా కాదు. ఈ లెక్క పనికొచ్చేది కూడా లిమిట్లు పెద్దవిగా ఉండే మార్కెట్లలోనే. ఎవరూ కాయని చిన్న మ్యాచ్‌లో క్లోజింగ్ ధరని నమ్మడానికి లేదు, అక్కడ ఏట్లో ఎవరూ దిగనే లేదు.

మరి ఎడ్జ్ ఎక్కువ దొరికేది ఎప్పుడు? ఓపెనింగ్‌లో, బుకీ ఇంకా లోతు చూస్తున్నప్పుడు. కానీ అప్పుడు లిమిట్ 500. దానిమీద 3 శాతం ఎడ్జ్ అంటే సగటున 15 యూనిట్లు. లిమిట్ పెరిగేసరికి ఎడ్జ్ కరిగిపోతుంది. ఓపెనింగ్‌లో పదేపదే మంచి ధర పట్టుకుంటుంటే చాలామంది బుకీలు మీ ఖాతా లిమిట్ తగ్గిస్తారు. అలా తగ్గిస్తే, వాళ్ల లెక్కలో మీరు డబ్బు తెచ్చేవాళ్లు కాదు, సమాచారం తెచ్చేవాళ్లని అర్థం.

చివరగా ఒక్క అంకె. 1.59 ధరకి, 3 శాతం ఎడ్జ్‌తో, ఒక్కో యూనిట్ చొప్పున 100 పందాలు కాస్తే సగటు లాభం 3 యూనిట్లు. అదృష్టం వల్ల అటూ ఇటూ మామూలుగా ఊగేది సుమారు 8 యూనిట్లు. కాబట్టి వంద పందాల తర్వాత మీ ఖాతాలో లాభం ఉందా నష్టం ఉందా అని చూస్తే ఎడ్జ్ సంగతి తేలదు. పైన చేసినట్టు, ప్రతి పందెం పక్కనా మార్జిన్ తీసేసిన క్లోజింగ్ ధర రాసుకుంటే చాలా ముందే తేలుతుంది.