ఉంగరం ఒక్కటే చూసి పేరు పెట్టొద్దు: మలేరియా థిన్ స్మియర్ ఫోటో చదవడం

"అన్నా, తిరుపతిలో డీఎంఎల్‌టీ చదవతా ఉండా. ఈ స్మియర్ ఫోటోలో ఒక కణంలో రెండు చుక్కల ఉంగరం కనిపిస్తా ఉంది. రెండు చుక్కలుంటే ఫాల్సిపారమే కదా? మా ఫ్రెండేమో వైవాక్స్ అంటాడు. ఎట్ల తేల్చేది?"

నీ ఫ్రెండ్ చెప్పిందే కరెక్టు తమ్ముడూ, ఇది వైవాక్స్. అయితే ఆ సంగతి నువ్వు చూపించిన ఉంగరంలో లేదు. ఫోటోలోనే ఇంకో రెండు కణాలు ఉన్నాయి, వాటిలో ఉంది. ఫోటో తెర మీద పెడుతున్నాం, పెద్దగా చేసుకుని చూడండి.

పరాన్నజీవిని వెతికే ముందు ఫోటో నమ్మదగిందా లేదా చూడాలి. ఇది వంద రెట్ల ఆయిల్ లెన్స్‌తో తీసింది. ఎర్ర కణాలు ఒకదాని పక్కన ఒకటి ఆనీ ఆనకుండా పరుచుకున్నాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కలేదు. స్మియర్ తోక వైపు మనం చూడాల్సిన చోటు ఇదే. మందంగా ఉన్న చోట కణాలు ముడుచుకుని చిన్నగా కనిపిస్తాయి, మరీ చివర అంచులో చదునై పెద్దగా కనిపిస్తాయి. కణం పెరిగిందా లేదా అన్నదే మన ప్రశ్న కాబట్టి తప్పు చోట తీసిన ఫోటోతో ఏ జవాబూ రాదు. పైన కుడి మూల న్యూట్రోఫిల్ చూడండి, దాని న్యూక్లియస్ చక్కగా ఊదా రంగు పట్టింది. అంటే రంగు సరిగ్గా పడింది, పరాన్నజీవి క్రొమాటిన్ కూడా ఎర్రగా కనపడాలి. కింద ఎడమ వైపు చిన్న లింఫోసైట్ ఉంది. దాని న్యూక్లియస్ దాదాపు మామూలు ఎర్ర కణమంత ఉంటుంది, అంటే సుమారు 7 మైక్రాన్లు. ఫోటోలో స్కేలు గీత లేకపోయినా ఇదే మన కొలబద్ద.

ఇప్పుడు నువ్వు బాణం గుర్తు పెట్టిన కణానికి వద్దాం. ఉంగరం అనాలంటే మూడూ ఉండాలి. ఎర్రటి క్రొమాటిన్ చుక్క, దాన్ని అంటిపెట్టుకున్న నీలం రంగు సైటోప్లాజం, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో కనిపించే రంగు చుట్టూ ఉన్న ఎర్ర కణం రంగే అయ్యుండాలి. ఇక్కడ మూడూ ఉన్నాయి, రాయి పొదిగిన ఉంగరం లాగే ఉంది. చుక్కలు రెండున్న మాటా నిజమే. ఫాల్సిపారంలో రెండు చుక్కల ఉంగరాలు తరచుగా కనిపిస్తాయి కాబట్టి క్లాసులో అలా గుర్తు పెట్టుకోమంటారు. కానీ వైవాక్స్‌లోనూ అప్పుడప్పుడు రెండు చుక్కలు వస్తాయి, కాబట్టి చుక్కల లెక్క మొగ్గు చూపిస్తుందే తప్ప తీర్పు ఇవ్వదు. చుక్కల కంటే ఉంగరం లావు చూడు. ఈ ఉంగరం కణం వెడల్పులో మూడో వంతు ఉంది, నీలం గీత మందంగా ఉంది. ఫాల్సిపారం లేత ఉంగరం సన్న దారంతో చుట్టినట్టు ఉంటుంది, కణంలో ఐదో వంతో ఆరో వంతో అంతే. కొన్ని కణం అంచుకే అతుక్కుని కనిపిస్తాయి. ఒకే కణంలో రెండు మూడు ఉంగరాలు ఉండటం కూడా దాంట్లో ఎక్కువ. ఈ ఫోటోలో అలాంటి సన్న ఉంగరం ఒక్కటీ లేదు.

అయినా ఉంగరం దగ్గరే ఆగితే ఎవరమైనా పొరబడతాం. లేత వయసులో రెండు జాతులూ ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. పరాన్నజీవి ఎదిగే కొద్దీ తేడా బయటపడుతుంది. అందుకే ఫోటో మధ్యలో ఉన్న ఈ పెద్ద కణం దగ్గర కాసేపు ఉందాం.

మొదట కణాన్ని చూడండి, లోపలున్న దాన్ని కాదు. పక్క కణాల కంటే ఒకటిన్నర రెట్లు ఉంది. లింఫోసైట్ న్యూక్లియస్‌తో పోల్చినా తేడా తెలిసిపోతుంది. రంగు వెలిసినట్టు పాలిపోయింది. దీనికి కారణముంది. వైవాక్స్ ఎక్కువగా రెటిక్యులోసైట్లలోకి, అంటే అప్పుడే ఎముక మజ్జ నుంచి వచ్చిన లేత ఎర్ర కణాల్లోకి దూరుతుంది. అవి మొదటే కాస్త పెద్దవి, లోపల పరాన్నజీవి పెరిగే కొద్దీ ఇంకా సాగుతాయి. ఇప్పుడు కణం ఒంటి మీద చూడండి, గులాబీ రంగు పొడి చల్లినట్టు సన్నటి చుక్కలు కణమంతా ఒకే తీరుగా పరుచుకున్నాయి. ఇవే షుఫ్నర్ చుక్కలు. ఫాల్సిపారంలో ఇవి రావు. దాంట్లో మౌరర్ మచ్చలని కొన్ని వస్తాయి గానీ అవి తక్కువ, ముతక, మామూలు స్మియర్‌లో చాలాసార్లు కనపడనే కనపడవు.

లోపలున్నది ఎదుగుతున్న ట్రోఫోజాయిట్. నీలం సైటోప్లాజం ఒక ఆకారానికి కట్టుబడకుండా, నీళ్లలో పడ్డ సిరా చుక్కలా నాలుగు వైపులకూ చేతులు చాచింది. మధ్య మధ్య ఖాళీలున్నాయి. ఎర్రటి క్రొమాటిన్ ఒక పక్కన ముద్దగా ఉంది. సన్నటి పసుపు గోధుమ రంగు రేణువులు కూడా కనిపిస్తున్నాయి, అది హీమోజోయిన్. పరాన్నజీవి హిమోగ్లోబిన్‌ను తినగా మిగిలిన పిప్పి అన్నమాట. కణం పెరగడం, చుక్కలు, అమీబా ఆకారం, ఈ మూడూ ఒకే కణంలో దొరికాయి. ఇక వైవాక్స్ అనడానికి వెనకాడాల్సిన పని లేదు.

రెండో సాక్ష్యం ఫోటో కుడి అంచున ఉంది. పరాన్నజీవి గుండ్రంగా, దిట్టంగా కణాన్నంతా నింపేసింది, ఎర్ర కణం చుట్టూ సన్నటి అంచుగా మాత్రమే మిగిలింది. దీన్ని చూసి ముదిరిన ట్రోఫోజాయిట్ అనుకోవచ్చు. తేడా ఏమిటంటే దీంట్లో ఖాళీలు లేవు, చేతులు లేవు, హీమోజోయిన్ రేణువులు ఒంటినిండా చెదిరి ఉన్నాయి. ఇది గామెటోసైట్. సైటోప్లాజం ముదురు నీలం, క్రొమాటిన్ ఒక పక్కకు ఒత్తుగా ఉంది కాబట్టి ఆడది. మగదైతే లేత రంగులో ఉంటుంది, క్రొమాటిన్ మధ్యలో వదులుగా పరుచుకుంటుంది. షైజాంట్ అయితే ఒక్క క్రొమాటిన్ ఉండదు, పగలగొట్టిన దానిమ్మలో గింజల్లా 12 నుంచి 24 మీరోజాయిట్లు విడివిడిగా కనపడతాయి, హీమోజోయిన్ ఒక చోట ముద్దగా చేరుతుంది. ఈ ఫోటోలో షైజాంట్ లేదు.

ఫాల్సిపారం అయితే ఈ ఫోటో ఎట్ల ఉండేదో ఊహించుకోండి. సన్న ఉంగరాలే ఉంటాయి, ఇంకా ఉంటే నెలవంక ఆకారపు గామెటోసైట్లు. మధ్య వయసువి దాదాపు కనపడవు. పరాన్నజీవి ముదిరే కొద్దీ ఫాల్సిపారం ఉన్న ఎర్ర కణం ఒంటి మీద బొడిపెలు లేస్తాయి, వాటితో ఆ కణం లోపలి అవయవాల సన్న రక్తనాళాల గోడకు అంటుకుపోతుంది. వేలి నుంచో, చేతి నుంచో తీసిన రక్తంలోకి రాదు. ఒకవేళ ఫాల్సిపారం స్మియర్‌లో షైజాంట్లు కనిపిస్తే అది డాక్టరుకు వెంటనే ఫోన్ చేసి చెప్పాల్సిన విషయం, రోగి పరిస్థితి తీవ్రంగా ఉండే అవకాశముంది.

ఇదే ఫోటోలో ఒక ఉచ్చు కూడా ఉంది. ఎడమ వైపు ఈ కణం మీద ఊదా రంగు ముద్ద కనిపిస్తోంది కదా, చాలామంది దీన్ని కూడా ఉంగరం కింద లెక్కేస్తారు. ఇది ప్లేట్‌లెట్, ఎర్ర కణం మీద కూర్చుంది. చుట్టూ తెల్లటి వలయం ఉంది, లోపల గరుకుగా ఒకే రంగులో ఉంది, ఎర్రది వేరు నీలం వేరు అని విడదీయలేం. అనుమానమొస్తే కణాల మధ్య ఖాళీలో ఉన్న వేరే ప్లేట్‌లెట్ ఒకదాన్ని పట్టుకుని రంగూ సైజూ పోల్చండి. స్లైడ్ చేతిలో ఉంటే ఫైన్ ఫోకస్ కొద్దిగా తిప్పండి. పరాన్నజీవి కణంతో పాటే ఫోకస్‌లోకి వస్తుంది, పైన కూర్చున్న ప్లేట్‌లెట్, రంగు మడ్డి వేరే ఎత్తులో స్పష్టమవుతాయి. ఒక్క ఫోటోలో ఆ వీలు లేదు. అందుకే అనుమానమున్న కణానికి ఫోకస్ పైన, మధ్య, కింద మూడు ఫోటోలు తీసి పంపాలి.

షుఫ్నర్ చుక్కలు కనపడలేదంటే వైవాక్స్ కాదని కొట్టేయకండి. లేత ఉంగరాల్లో అవి ఇంకా రాకపోవచ్చు. వాటికి జీంసా రంగు కలిపే బఫర్ పీహెచ్ 7.2 ఉండాలి, మామూలు రక్త పరీక్షలకు వాడే 6.8 బఫర్‌లో అవి సరిగ్గా తేలవు. మూత తీసి పెట్టిన డిస్టిల్డ్ వాటర్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని ఆమ్లంగా మారుతుంది, దాంతో రంగు వేసినా ఇదే గతి. ఈడీటీఏ ట్యూబులో రక్తం గంటల తరబడి ఉంటే చాచిన చేతులు ముడుచుకుని ట్రోఫోజాయిట్ గుండ్రమవుతుంది, పోలిక మారిపోతుంది. తీసిన గంటలోపు స్మియర్ వేసేయండి. ఇంకొకటి, ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది ఫైలును కుదిస్తుంది, ముందు పోయేవి ఈ సన్న చుక్కలే. డాక్యుమెంట్‌గా పంపండి.

లెక్క సంగతి. ఈ ఫోటోలో సుమారు 200 ఎర్ర కణాలున్నాయి. ఉంగరం ఉన్నది ఒకటి, ట్రోఫోజాయిట్ ఒకటి, గామెటోసైట్ ఒకటి. శాతం లెక్కలో గామెటోసైట్‌ను కలపం, కాబట్టి 200కి 2, అంటే 1 శాతం అనిపిస్తుంది. కానీ 200 చాలవు. ఇంకో నాలుగు చోట్ల ఫోటోలు తీసి 1000 కణాలు చూసి, వాటిలో 5 దొరికాయనుకుందాం, అప్పుడది 0.5 శాతం. రోగి ఎర్ర కణాలు మైక్రోలీటరుకు 40 లక్షలైతే, పరాన్నజీవులున్న కణాలు 20,000. ఒకే కణంలో రెండు ఉంగరాలున్నా శాతంలో ఒక కణంగానే లెక్క. వైవాక్స్ లేత కణాల్నే ఎంచుకుంటుంది కాబట్టి 2 శాతం దాటడం అరుదు. నీ లెక్క 5 శాతం వచ్చిందంటే జాతి పేరు మళ్లీ చూసుకో.

చివరిగా ఒక పని మిగిలి ఉంది. వైవాక్స్ దొరికిందని స్లైడ్ దించేయొద్దు. తిరుపతికి అన్ని వైపుల నుంచీ జనం వస్తారు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ అడవి ప్రాంతాల నుంచో, మన రాష్ట్రం ఏజెన్సీ నుంచో వచ్చినవాళ్లలో రెండు జాతులూ కలిసి ఉండే అవకాశం ఎక్కువ. ఆ ప్రయాణం వివరం ఫారంలో లేకపోతే రోగిని అడుగు. తర్వాత ఇంకో వంద ఫీల్డులు ఒక్కదాని కోసమే చూడు: మామూలు సైజు కణంలో, చుక్కలు లేకుండా, సన్నటి చిన్న ఉంగరం, లేదా నెలవంక. దొరికితే రిపోర్టులో రెండు పేర్లూ రాయాలి. వైవాక్స్ కాలేయంలో దాక్కుంటుంది కాబట్టి డాక్టరు జీ6పీడీ చూసుకుని 14 రోజుల ప్రైమాక్విన్ రాస్తారు, ఫాల్సిపారం ఉంటే మందుల జాబితాయే మారుతుంది. ఏమీ దొరకకపోతే ఇట్ల రాయి: ప్లాస్మోడియం వైవాక్స్, ఉంగరాలు, ట్రోఫోజాయిట్లు, గామెటోసైట్లు ఉన్నాయి, 0.5 శాతం. కింద ఎన్ని కణాలు లెక్కపెట్టావో ఆ అంకె కూడా వెయ్యి.