‘ఒక పని ఉండె’: నల్లగొండ స్టూడియోలో చర్చ

యాంకర్: సాయం అడగడంలో ఇంగ్లిష్‌కు, తెలుగుకు తేడా ఎక్కడొస్తుందో ముందు మేడం చెప్పాలి. మీకు మీ మేనమామతో అయిన కథ ఉందట కదా?

అనువాదకురాలు: నేను హైదరాబాద్‌లో ఇంగ్లిష్ నుంచి తెలుగుకు అనువాదాలు చేస్తుంటా. అదే అలవాటులో దేవరకొండ దగ్గరున్న మా మామకు మెసేజ్ పెట్టిన: ‘మామా, నాకు ఒక చిన్న సహాయం చేయగలరా?’ నిమిషంలో ఫోన్ వచ్చింది. ‘ఏమైందే? దవాఖానల ఉన్నవా? పైసలు కావాల్నా?’ అని ఒకటే టెన్షన్. నాకు కావలసింది పట్టాదారు పాసుబుక్ మొదటి పేజీ ఫోటో, అంతే!

లెక్చరర్: ఆయన కంగారుపడటంలో తప్పేం లేదు. ‘గలరు’ అన్న మాట ఆయనకు ఎక్కడ కనబడుతుంది? అర్జీలో, ‘ఇప్పించగలరని ప్రార్థన’ అని. పైగా మనింట్ల ‘సహాయం’ అంటే బరువైన మాట. మేనకోడలు అర్జీ పెట్టినట్టు అడిగితే ఎవరికైనా అనుమానమే.

యాంకర్: ఇంగ్లిష్‌లో అది మామూలు మాటే కదా సార్?

లెక్చరర్: అవును. ‘కుడ్ యూ’ అనేది చేతనవుతుందా అని అడగడం కాదు, ‘కాదు’ అనేందుకు ఎదుటివాళ్లకు దారి వదలడం. అన్ని భాషల్లో అది చెల్లదు. పోలిష్‌లో అలా అడిగితే నిజంగానే ప్రశ్నలా వినిపించొచ్చని భాషాశాస్త్రవేత్త అన్నా వియెజ్బిత్స్కా 1985లో రాసిన వ్యాసంలో వాదించారు.

యాంకర్: మరి మనం దారి వదలమా?

లెక్చరర్: వదులుతం, వేరే తీరుగ. ‘మామా, ఒక పని ఉండె’ అంటం. పని ఇప్పుడే ఉంది, మాట మాత్రం ‘ఉండె’. అట్ల కొంచెం దూరం జరుపుతం. అని ఆగుతం. ఆయన ‘చెప్పు’ అంటే ముందుకు పోవాలె. ‘ఇప్పుడు పొలం కాడ ఉన్న’ అన్నాడనుకోండి, అడగకుండానే జవాబు వచ్చినట్టు. ‘చెప్పు’ అన్నంక ‘జర ఫోటో తీసి పెట్టరాదు’ అంటే సరిపోతది.

అనువాదకురాలు: ఆ ‘రాదు’ బయటివాళ్లకు చిక్కే సార్. ‘పొగ తాగరాదు’ బోర్డు చూసినవాళ్లకు ‘పెట్టరాదు’ అంటే పెట్టొద్దన్నట్టే ఉంటది.

లెక్చరర్: రాస్తే చిక్కే. నోటితో అన్నప్పుడు చివర రాగం చెప్తది. అందుకే మెసేజ్‌లో ‘జర’ తప్పనిసరి. అది ఉంటే నిషేధమని ఎవరూ అనుకోరు. అయితే ఆఫీసులో కొత్త సారుతో ‘పెట్టరాదు’ అంటే చనువు ఎక్కువైతది. అక్కడ ‘కొంచెం చూస్తారా సార్’ నయం.

యాంకర్: ఇంతకీ ఫోటో వచ్చిందా మేడం?

అనువాదకురాలు: వచ్చింది. నంబరు మీద మామ బొటనవేలు అడ్డం ఉంది. మళ్లీ ‘మామా, ఒక పని ఉండె’ అన్న. ‘వేలు తీయాల్నా?’ అన్నడు.