మర సరిపోయినా యాంటెన్నా ఎందుకు ఎక్కదు? ఎస్‌ఎంఏ, ఆర్‌పీ-ఎస్‌ఎంఏ కనెక్టర్ల తేడా

నమస్కారం. బల్ల మీద మూడు వస్తువులు పెట్టాను. ఇది 4జీ రౌటరు. ఇది ఆ పెట్టెలోనే వచ్చిన వైఫై యాంటెన్నా. ఇది మూడు మీటర్ల తీగ, అడుగున అయస్కాంతం ఉన్న 4జీ యాంటెన్నా. దీన్ని నెల్లూరు ట్రంకు రోడ్డులోని ఒక దుకాణంలో కొన్నాం. రెండు యాంటెన్నాల చివరలనూ కెమెరాకు దగ్గరగా తెస్తున్నాను, చూడండి. ఒకే బంగారు రంగు, ఒకే లావు నట్టు, లోపల ఒకే రకం మరలు. పక్కనుంచి చూస్తే తేడా చెప్పలేం. అయినా ఒకదాని చోటులో ఇంకొకటి పనిచేయదు. ఎందుకో ఈ రౌటరునే ముందు పెట్టుకుని చూద్దాం.

ఈ రౌటరు మైపాడు వైపు మా బాబాయి రొయ్యల చెరువు గట్టున, కాపలా షెడ్డులో ఉంటుంది. రాత్రిపూట ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూడటానికి అక్కడ కెమెరా పెట్టారు. అవి ఆగిపోతే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి. అందుకే ఆ కెమెరా బొమ్మ ఆయనకు చాలా అవసరం. రేకుల షెడ్డు కావడంతో లోపల 4జీ సిగ్నల్ బలహీనంగా ఉండేది. బయట పెట్టే యాంటెన్నా కొనమని నేనే చెప్పాను. కొన్న రోజు సాయంత్రం బాబాయి ఫోన్ చేశారు. "అబ్బాయ్, మర రెండు చుట్లు తిరిగి ఆగిపోతోంది. పట్టకారు పెట్టి బిగించమంటావా?" అన్నారు. "వద్దు బాబాయ్, అలాగే వదిలేయండి, నేను వస్తాను" అన్నాను. పట్టకారు పెట్టి ఉంటే రౌటరు పాడయ్యేది.

ఆ రెండు చుట్ల తర్వాత లోపల ఏం అడ్డు వచ్చిందో చూపిస్తాను. కరెంటు తీసేశాను. రౌటరు వెనక నాలుగు పోర్టులున్నాయి. నాలుగింటికీ బయట మరలే. ఇప్పుడు ఫోన్ కెమెరా జూమ్ చేసి, లైటు వేసి, పోర్టు నడిమధ్యలోకి చూడండి. అటు చివర, ఇటు చివర ఉన్న ఈ రెండు పోర్టుల్లో ఒక్కోదాని మధ్యలో సన్నని పిన్ను నిలబడి ఉంది. లోపలి రెండింటిలో ఒక్కోదాని మధ్యలో పిన్ను లేదు, చిన్న బెజ్జం ఉంది. తేడా అంతా ఇక్కడే ఉంది.

మధ్యలో బెజ్జం ఉన్న ఈ పోర్టులు ఎస్‌ఎంఏ. 1960ల నుంచి రేడియో పరికరాల్లో వాడుతున్న పాత ప్రమాణం ఇది. పోర్టుకు బయట మర, మధ్యలో బెజ్జం. దానికి ఎక్కే యాంటెన్నాకు లోపల మర, మధ్యలో పిన్ను. మరలు బిగుసుకునేటప్పుడు పిన్ను బెజ్జంలోకి దిగుతుంది. సిగ్నల్ నడిచేది ఆ పిన్ను మీదుగానే. బయటి లోహపు గొట్టం దానికి కవచంగా, తిరుగుదారిగా పనిచేస్తుంది.

మధ్యలో పిన్ను ఉన్న ఈ చివరి పోర్టులు ఆర్‌పీ-ఎస్‌ఎంఏ. ఆర్‌పీ అంటే రివర్స్ పోలారిటీ. ఇందులో మరను ఏమీ మార్చలేదు. వ్యాసం అదే పావు అంగుళం, అంగుళానికి అవే 36 చుట్లు. మధ్యలోని పిన్నును, బెజ్జాన్ని మాత్రం అటూ ఇటూ మార్చారు. పిన్ను పోర్టులోకి, బెజ్జం యాంటెన్నాలోకి వెళ్లాయి. కొందరు దీన్ని ఎడమవైపు తిరిగే మర అనుకుంటారు. అది పొరపాటు. రెండూ కుడివైపుకే బిగుస్తాయి.

బాబాయి దగ్గర జరిగింది ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. ఆయన కొత్త 4జీ యాంటెన్నాను చివరి పోర్టుకు, అంటే వైఫై పోర్టుకు తగిలించారు. యాంటెన్నాలో పిన్ను, పోర్టులోనూ పిన్ను. మరలు సరిపోయాయి కాబట్టి నట్టు మొదట్లో హాయిగా తిరిగింది. ఒక్కో చుట్టుకు నట్టు సుమారు 0.7 మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది. ఒకటి రెండు చుట్లు తిరిగేసరికి పిన్ను మొన వెళ్లి పిన్ను మొనకు తగిలి ఆగిపోయింది. అక్కడ బలం చేస్తే పిన్నుల్లో ఏదో ఒకటి వంగుతుంది, లేదా రౌటరు లోపల టంకం ఊడి పిన్ను వెనక్కి పోతుంది. ఆ తర్వాత సరైన యాంటెన్నా తెచ్చి పెట్టినా ఆ పోర్టు పనిచేయదు. అందుకే వేళ్లతో తిప్పుతున్నప్పుడు నట్టు కింద ఇంకా మరలు కనిపిస్తుండగానే గట్టిగా ఆగిపోతే, వెంటనే వెనక్కి తిప్పి మధ్యలోకి చూడండి.

ఇది మంచి రకం తప్పు. ఎక్కలేదు కాబట్టి తెలిసిపోయింది. నన్ను ఎక్కువ కంగారు పెట్టింది రెండోది. నేను వెళ్లేసరికి బాబాయి వైఫై పోర్టు నుంచి విప్పిన పాత యాంటెన్నాను తీసుకెళ్లి లోపలి 4జీ పోర్టుకు బిగించారు. "ఇది మాత్రం చక్కగా ఎక్కింది" అన్నారు. నిజమే, చివరిదాకా ఎక్కింది. వైఫై యాంటెన్నా మధ్యలో బెజ్జం, 4జీ పోర్టు మధ్యలోనూ బెజ్జం. అడ్డుపడే పిన్ను లేదు కాబట్టి నట్టు పూర్తిగా బిగుసుకుంది. బయటి కవచం తాకింది, మధ్యలో మాత్రం ఖాళీ.

ఖాళీ ఉంటే సిగ్నల్ పూర్తిగా పోవాలి కదా అని మీకు అనిపించవచ్చు. అలా పోదు. ఇంత ఎక్కువ పౌనఃపున్యంలో ఆ చిన్న ఖాళీని దాటి కొద్దిపాటి సిగ్నల్ వెళ్తుంది. ఆ కాస్త ఉండటం వల్లే మనం మోసపోతాం. రౌటరు ఒక గీత చూపిస్తుంది, కెమెరా ఆగి ఆగి నడుస్తుంది, మనం టవరును తిట్టుకుంటాం. గీతలను నమ్మకుండా అంకె చూడాలి. రౌటరు పేజీ తెరిచి, సిగ్నల్ వివరాల్లో RSRP అనే పేరు పక్కనున్న అంకెను చూడండి, టవరు నుంచి అందే సిగ్నల్ బలం అది. ఇది డెసిబెళ్ల లెక్కలో, మైనస్‌లో ఉంటుంది, సున్నాకు దగ్గరయ్యే కొద్దీ మంచిది. పెట్టెతో వచ్చిన 4జీ యాంటెన్నాతో అక్కడ మైనస్ 104 ఉండేది. బాబాయి మార్చిన తర్వాత అది మైనస్ 117కు పడిపోయింది. 13 డెసిబెళ్లు తగ్గడమంటే అందే శక్తి ఇరవయ్యో వంతుకు పడిపోవడం.

అసలు ఒకే మరతో రెండు రకాలు ఎందుకు తయారయ్యాయి? అమెరికాలో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ వారి నియమావళిలో 15.203 అనే నిబంధన ఉంది. వైఫై లాంటి, లైసెన్సు అవసరం లేని చిన్న ట్రాన్స్‌మిటర్లకు వాడుకరి తనకు తోచిన పెద్ద యాంటెన్నా తగిలించకూడదని దాని ఉద్దేశం. యాంటెన్నా ఊడకుండా బిగించి ఉండాలి, లేదా ప్రత్యేకమైన కనెక్టరుతో రావాలి, మామూలు ప్రామాణిక కనెక్టరు పెట్టకూడదు. తయారీదారులు కొత్త మర కనిపెట్టే బదులు ఉన్న ఎస్‌ఎంఏలోనే పిన్నును, బెజ్జాన్ని తారుమారు చేశారు. ఇప్పుడు ఆర్‌పీ-ఎస్‌ఎంఏ విడి భాగాలు ఏ దుకాణంలోనైనా దొరుకుతున్నాయి కాబట్టి ఆ అడ్డు అడ్డుగా మిగలలేదు, మన తికమక మాత్రం మిగిలింది. మొబైల్ టవర్లతో మాట్లాడే 4జీ పోర్టులకు ఎక్కువగా మామూలు ఎస్‌ఎంఏనే పెడతారు. ఒకే రౌటరుకు రెండు రకాలూ ఉండటానికి కారణం ఇదే.

కొనేటప్పుడు పేర్లు ఇంకో చిక్కు తెస్తాయి. మేల్, ఫీమేల్ అనే పేరును ఇక్కడ మరను బట్టి పెడతారు, పిన్నును బట్టి కాదు. లోపల మర ఉన్న నట్టు మేల్. బయట మర ఉన్నది ఫీమేల్. అందువల్ల RP-SMA Male అని రాసి ఉన్న యాంటెన్నాకు మధ్యలో పిన్ను ఉండదు, బెజ్జం ఉంటుంది. అమ్మేవారిలోనూ కొందరు దీన్ని తిరగేసి రాస్తారు. అందుకని పేరు చూసి కొనకండి, ఫోటోలో కనెక్టరును ఎదురుగా చూపించారో లేదో చూడండి. దుకాణంలో అయితే "లోపల మర, మధ్యలో పిన్ను" అని అడగండి. 4జీ ఎస్‌ఎంఏ పోర్టుకు కావలసింది అదే. వైఫై ఆర్‌పీ-ఎస్‌ఎంఏ పోర్టుకైతే "లోపల మర, మధ్యలో బెజ్జం" అనండి.

తప్పు రకం ఇప్పటికే కొనేసి ఉంటే చిన్న అడాప్టర్ దొరుకుతుంది. ఉదాహరణకు మీ వైఫై యాంటెన్నా తీగ చివర పిన్ను ఉంది, పోర్టులోనూ పిన్ను ఉంది అనుకుందాం. మధ్యలో పెట్టే అడాప్టరుకు రెండు వైపులా బెజ్జాలే ఉండాలి, ఒక వైపు లోపల మర, రెండో వైపు బయట మర. అందులో పోయే సిగ్నల్ చాలా తక్కువ. కాని అది పోర్టు నుంచి బయటికి పొడుచుకు వస్తుంది కాబట్టి బరువైన యాంటెన్నాను దాని మీద నిలబెట్టవద్దు, పోర్టు విరుగుతుంది. ఇంకొక మాట, అడాప్టర్ కనెక్టరును కలుపుతుంది, యాంటెన్నా పౌనఃపున్యాన్ని మార్చలేదు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, 850 మెగాహెర్ట్జ్ 4జీ తరంగం పొడవు సుమారు 35. ఒకదాని కోసం కోసిన లోహం రెండోదానికి సరిగా పలకదు. మా బాబాయి వైఫై యాంటెన్నాను అడాప్టర్ పెట్టి 4జీ పోర్టుకు కలిపినా అందుకే లాభం ఉండేది కాదు.

ఇక సరిగ్గా బిగిద్దాం. వైఫై యాంటెన్నా తిరిగి చివరి పోర్టుకు వెళ్తుంది. కొత్త 4జీ యాంటెన్నా లోపలి పోర్టుకు. పిన్నును బెజ్జానికి తిన్నగా ఆనించి, తీగను కదలకుండా పట్టుకుని, నట్టును మాత్రమే తిప్పాలి. తీగ తిరిగితే లోపల పిన్ను బెజ్జంలో గీసుకుపోతుంది. వేళ్ల బిగువు చాలు. నట్టు పూర్తిగా లోపలికి వెళ్లింది, మరలు దాదాపు కనిపించడం లేదు. ఇళ్లలో వాడే కొన్ని రౌటర్లకు యాంటెన్నా అసలు ఊడదు. యాంటెన్నా మొదలు దగ్గర లోహపు నట్టు కనిపించకుండా ప్లాస్టిక్ కీలు మాత్రమే ఉంటే తిప్పకండి, లోపలి తీగ తెగుతుంది.

యాంటెన్నాను షెడ్డు ఇనుప రేకు పైన పెట్టాం. అయస్కాంతం పట్టుకుంది, కింద పరచుకున్న రేకు కూడా ఇలాంటి యాంటెన్నాకు మేలు చేస్తుంది. ఇంత సన్నని తీగ మూడు మీటర్లలోనే 1800 మెగాహెర్ట్జ్ దగ్గర సగానికి పైగా సిగ్నల్ తినేస్తుంది, అందుకే ఇంకా పొడవైనది కొననివ్వలేదు. అంత పోయినా, రేకుల లోపలి నుంచి బయటికి వచ్చినందుకు అంకె మైనస్ 93కు చేరింది. ఏరేటర్ల చక్రాలు తిరగడం బాబాయి ఫోన్‌లో తడబాటు లేకుండా కనిపించింది.

మీరూ సముద్రపు గాలి తగిలే చోట పెడుతుంటే, తీగ అతుకు ఏదైనా బయట ఉన్నప్పుడు దాని మీద తనకు తానే అతుక్కునే రబ్బరు టేపును సాగదీస్తూ కింది నుంచి పైకి చుట్టండి. అప్పుడు పై చుట్టు కింది చుట్టు మీదకు వస్తుంది, వాననీరు లోపలికి దిగకుండా జారిపోతుంది. ఉప్పుగాలికి ఇత్తడి పచ్చబడితే సంవత్సరం తిరగకముందే అంకె మళ్లీ పడిపోతుంది, అప్పుడు మొదట విప్పి చూడవలసింది ఈ అతుకునే.