ఆటో స్వీప్ రివ్యూ: ఎవరికి లాభం, ఎవరికి దండగ?

నమస్తే అండీ. ఈరోజు రివ్యూ ఆటో స్వీప్ మీద. స్టేట్ బ్యాంకులో దీన్నే సేవింగ్స్ ప్లస్ అంటారు, అందులో పుట్టే ఎఫ్‌డీని మోడ్ అంటారు. అకౌంట్‌లో ఒక పరిమితి దాటిన డబ్బు దానంతటదే ఎఫ్‌డీ అవుతుంది. మీరు చెక్ ఇచ్చినా, ఏటీఎంలో తీసినా, తక్కువ పడినంత మేరకే ఆ ఎఫ్‌డీ విరుగుతుంది. మోడ్ అయితే వెయ్యి రూపాయల ముక్కలుగా విరుగుతుంది. మిగతాది అలాగే నడుస్తుంది.

ఒక లెక్క చూద్దాం. ఒకాయన ప్లాటు అమ్మారు, 4 లక్షలు వచ్చాయి. ఇంకోచోట స్థలం చూస్తున్నారు, రిజిస్ట్రేషన్ ఎప్పుడో తెలీదు. పరిమితి 50,000 అనుకుంటే, మూడున్నర లక్షలు ఏడాది ఎఫ్‌డీలోకి వెళ్ళాయి. స్క్రీన్ మీద 6.25 శాతం అని కనిపిస్తుంది. ఐదు నెలలకు, అంటే 150 రోజులకు డబ్బు మొత్తం తీశారు. వడ్డీ దాదాపు తొమ్మిది వేలు వస్తుందనుకుంటాం కదా? రాదండీ.

మధ్యలో విరిచారు కాబట్టి, డబ్బు నిజంగా ఉన్న 150 రోజులకు ఏ రేటో అదే ఇస్తారు. అది 5 శాతం అనుకోండి, అందులోంచి అర శాతం పెనాల్టీ పోతే 4.5. చేతికొచ్చేది సుమారు 6,470 రూపాయలు. అదే డబ్బు రెండున్నర శాతం సేవింగ్స్‌లో ఉంటే దాదాపు 3,600. అంటే లాభం ఉంది, 2,870 దాకా. కానీ స్క్రీన్ మీద చూసి ఆశపడ్డంత కాదు. తేదీ ముందే తెలిస్తే ఆ వ్యవధికే మామూలు ఎఫ్‌డీ వేసుకోవడం మేలు, పెనాల్టీ ఉండదు.

ఇక జీతం అకౌంట్ల సంగతి. ఒకటో తారీఖున జీతం పడి, ఐదో తారీఖుకల్లా అద్దె, ఈఎంఐ పోతాయా? మీకు ఇది దండగ. ఏడు రోజుల్లోపు విరిగిన ఎఫ్‌డీకి సాధారణంగా వడ్డీయే ఉండదు, సేవింగ్స్‌లో వచ్చే ఆ కాస్తా పోతుంది. పైగా స్టేట్‌మెంట్ నిండా చిన్నచిన్న డిపాజిట్ల ఎంట్రీలే. దాన్ని చదివి లెక్క తేల్చడం పెద్ద తలనొప్పి!

ట్యాక్స్ పాత విధానంలో కట్టేవాళ్ళు ఇంకోటి చూసుకోండి. సేవింగ్స్ వడ్డీకి పదివేల దాకా మినహాయింపు ఉంది కదా, స్వీప్‌లో వచ్చేది ఎఫ్‌డీ వడ్డీ, దానికి అది వర్తించదు. అరవై దాటినవాళ్ళకు మాత్రం ఎఫ్‌డీ వడ్డీకీ మినహాయింపు ఉంది.

పెట్టించుకునేటప్పుడు బ్రాంచిలో ఒక్కటి తప్పకుండా అడగండి: డబ్బు తక్కువ పడితే ముందు విరిగేది పాత డిపాజిట్టా, కొత్తదా? కొత్తది విరిగేలా పెట్టించుకోండి. అప్పుడు ఎన్నో నెలలుగా వడ్డీ పోగైన పాతది గడువు దాకా కదలకుండా ఉంటుంది.