డాబా మీద ఇటుక ముక్కల పొర

శ్రోతలకు నమస్కారం.

విజయవాడలో 30 ఏళ్ల నాటి ఇల్లొకటి. వానాకాలం వస్తే హాల్లో ఫ్యాను చుట్టూ చెమ్మ దిగేది. డాబా మీద పాత ఇటుక ముక్కల పొర అలాగే ఉంది. "దాని మీదే ఇంకో పొర వేసేద్దామండీ" అన్నాడు మేస్త్రీ. నేను వద్దన్నాను. ఎందుకో చెబుతాను.

అసలు ఆ పొర నీటిని అడ్డుకోవడం కన్నా, నిలవకుండా తూము వైపు నడిపించడమే ఎక్కువగా చేస్తుంది. శ్లాబు మట్టంగా ఉంటుంది కాబట్టి వాటం తెచ్చేది ఈ పొరే. 10 అడుగుల దూరానికి ఒకటింబావు అంగుళమైనా పల్లం ఉండాలి. ఇటుక ముక్కల్ని ముందు నీళ్లలో బాగా నానబెట్టి, సిమెంటు మాలు మీద అర అంగుళం సందులతో పేరుస్తారు. నానబెట్టకపోతే ఇటుక మాలులోని నీటిని పీల్చేస్తుంది, సందులు పొడిపొడిగా మిగిలిపోతాయి. సందులు నింపి, పైన నున్నగా పూత వేసి, వారం పది రోజులు నీళ్లు కట్టి ఉంచాలి. పిట్టగోడ మొదట్లో మాలును గుండ్రంగా పైకి ఎక్కించాలి. పని త్వరగా తెమలాలని చాలామంది వదిలేసేది దీన్నే. ఎండ వేడిని కిందికి రానివ్వకపోవడం కూడా ఈ పొర చేసే మేలే.

అయితే ఇది పెళుసు. ఎండకు, చలికి శ్లాబు సాగి ముడుచుకుంటుంటే పైపూత సన్నగా పగులుతుంది. అక్కడ దిగిన నీటిని ఇటుకలు పట్టి ఉంచుకుంటాయి. అందుకే వాన ఆగిన రెండు రోజులకు కూడా చుక్కలు రాలుతాయి. మచ్చ ఫ్యాను దగ్గరుంటే, పగులు 10 అడుగుల అవతల పిట్టగోడ మొదట్లో ఉండొచ్చు.

ఇక బరువు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద సగటున నాలుగున్నర అంగుళాల మందముంటే సుమారు 20 టన్నులు. ఇంకో పొర వేస్తే ఇంకో 20 టన్నులు. శ్లాబు కట్టినప్పుడు ఆ లెక్క ఎవరూ వేసి ఉండరు.

ఆ ఇంట్లో పొరను కర్రతో తట్టి చూశాం. బోలుగా మోగిన చోట పొర కింద పట్టు వదిలేసినట్టు. మూలల్లో మాత్రమే బోలుగా మోగితే పగులు కోసి, పిట్టగోడ మొదలు బాగుచేసి వదిలేసేవాణ్ణి. సగానికి పైగా బోలుగా మోగింది. పాత పొర తీసేసి, వాటానికి సరిపడా పల్చటి పొరగా మాలు వేసి, దాని మీద 4 మిల్లీమీటర్ల తారు షీటు మంటతో అతికించాం. షీటు అంచులు 4 అంగుళాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు వరకూ వెళ్లింది. చదరపు మీటరుకు అయిదు కిలోల బరువు కూడా లేదు. పైగా కాస్త సాగుతుంది. కాకపోతే వేడిని ఆపదు, ఎండ నేరుగా తగిలితే ముందే చెడిపోతుంది. అందుకని పైన తెల్ల టైల్సు పరిచాం.

షీటు వేసే ముందు రాత్రి ఒక పాలిథిన్ ముక్కను డాబా మీద ఆ మాలుపై పరిచి అంచులకు టేపు వేశాను. ఉదయం తీస్తే కింద నీటి బొట్లు. చెమ్మ మీద అతికిస్తే ఎండకు ఆవిరి లేచి షీటు బుడగలు కడుతుంది. మరో నాలుగు రోజులు ఎండనిచ్చి, మళ్లీ పరిచి చూసి, అప్పుడే పని మొదలుపెట్టాం.